మీ మాటలు మా పేజీలో పెట్టేముందు

"పేరు చెరిపేశామన్నారు కదా. మరి మా నాన్నగారికి షుగర్ ఉందని మీ పోస్టు చూసి మా బంధువులకు ఎలా తెలిసింది?"

ఇలా అడిగిన ఆవిడకు ఫోను చేసి క్షమాపణ చెప్పాను, పోస్టును అదే రోజు తీసేశాను. మా రాగి పిండి కొనే మీ అందరికీ కూడా జరిగింది చెప్పాలి.

ఆవిడ వాట్సాప్ సందేశాన్ని ఫొటో తీసి, పేరునూ నంబరునూ ఫోనులోని పెన్నుతో కప్పాం. పక్కనున్న చిన్న బొమ్మ అలాగే ఉండిపోయింది. పైగా ఆ పెన్ను గీత పలుచనిది, వెలుతురు పెంచితే కింది అంకెలు కనబడుతున్నాయి. అన్నిటికంటే పెద్ద తప్పు సందేశంలోని మాటలను అలాగే వదిలేయడం. "లెక్కల మాస్టారుగా రిటైరైన మా నాన్నగారు" అని ఆవిడ రాశారు, కింద ఊరి పేరు మేమే వేశాం. ఒక చిన్న ఊళ్లో అలాంటివారిని గుర్తుపట్టడానికి పేరు అవసరం లేదు.

రెండో తప్పు ఆవిడ అడగలేదు, నేనే చెబుతున్నాను. అసలు సందేశం ఇది: "మూడు నెలలుగా మీ రాగి జావ తాగుతున్నారు. డాక్టరు మాత్ర మార్చారు, నడక కూడా మొదలుపెట్టారు. షుగర్ తగ్గింది." మేము మధ్య వాక్యాన్ని కత్తిరించాం. మిగిలినవి ఆవిడ మాటలే అయినా, కలిపి చదివితే షుగర్ మా పిండి వల్లే తగ్గిందనిపిస్తుంది. రాగిలోనూ పిండిపదార్థమే ఎక్కువ. మా పోస్టును నమ్మి ఎవరైనా మాత్ర మానేసి ఉంటే? ఆహార పదార్థం జబ్బును నయం చేస్తుందని ప్రకటించడానికి చట్టం ఒప్పుకోదు. కొన్నవారి మాటను మేము మా పేజీలో పెడితే అది మా ప్రకటనే అవుతుంది. ఇలాంటి పాత పోస్టులన్నీ తీసేశాం.

ఇకపై మీ సందేశాన్ని ఫొటోగా పెట్టం, మాటలను కొత్తగా టైపు చేస్తాం. ఆరోగ్యం, వృత్తి, పిల్లల వివరాలు అందులో ఉండవు. తయారైన పోస్టును ముందు మీకే పంపుతాం. మీరు "సరే" అని రాస్తేనే పెడతాం, మౌనాన్ని ఒప్పుకోలుగా తీసుకోం. పిండి ఉచితంగా ఇచ్చి అభిప్రాయం అడిగితే ఆ సంగతీ పోస్టులోనే ఉంటుంది.

మొన్న ఇలా పెట్టిన మొదటి పోస్టు: "వేయించిన వాసన బాగుంది. జావ మాత్రం ఉండలు కట్టింది." రెండో వాక్యం తీసేద్దామని మా తమ్ముడు అన్నాడు, నేను ఒప్పుకోలేదు. పిండిని ముందు చల్లటి నీళ్లలో కలిపి, తర్వాత మరిగే నీళ్లలో పోయాలని కింద రాశాం. అది చదివి ఇద్దరు తమకూ ఉండలు కట్టేవని చెప్పారు. పొట్లం మీద ఆ సూచన లేదని అప్పుడే గమనించాం, వచ్చే విడత నుంచి అచ్చువేయిస్తున్నాం.

మీ మాట మా పేజీలో ఉండి, వద్దనిపిస్తే "తీసేయండి" అని రాయండి. కారణం అడగం, ఆ రోజే తీసేస్తాం. అప్పటికే ఇతరులు దాచుకున్న, పంచుకున్న కాపీలను మాత్రం వెనక్కి తేలేం. అందుకే పెట్టకముందే మిమ్మల్ని అడుగుతున్నాం.