గుమాస్తా గారి చొక్కా

ఏమే పద్మా,

ఎలా ఉన్నావు? ఫోన్లో సగంలో ఆపేశాను కదా, ఆ గుమాస్తా కథ ఇవాళ పూర్తిగా రాస్తున్నాను.

నేను బట్టలు చూసుకుంటున్న షార్ట్ ఫిల్ములో ఆయన ఒక ప్లీడరు దగ్గర గుమాస్తా. భార్య పోయింది, ఒక్కడే ఉంటాడు. ఈ సంగతి సినిమాలో ఎవరూ నోటితో చెప్పరు. డైరెక్టరేమో "చొక్కా మోచేతి దగ్గర చింపెయ్యండి మేడం, లేనివాడని తెలియాలి" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. రోజూ కోర్టుకి వెళ్ళే మనిషి చిరుగు చొక్కా వేసుకోడే! ఇస్త్రీ చేసుకుంటాడు, కఫ్ అంచున దారాలు లేస్తే కత్తెరతో కత్తిరించుకుంటాడు. ఆయన లేమి ఆ జాగ్రత్తలోనే కనపడాలి.

లేత నీలం కాటన్ చొక్కా కొత్తది కుట్టించి, దాన్ని పాతదానిలా చేశాను. దారం కూడా కాటన్‌దే కావాలని పట్టుబట్టాను. పాలిస్టర్ దారమైతే టీ డికాక్షన్‌లో ముంచినా రంగు పట్టదు, పాత గుడ్డ మీద కుట్లు మాత్రం కొత్తగా మెరుస్తాయి. కెమెరా దగ్గరికొస్తే దొరికిపోతాం. భుజాలకీ వీపుకీ నీళ్ళు బాగా కలిపిన బ్లీచ్ స్పాంజితో అద్ది, రంగు కావలసినంత దిగగానే కడిగి, హైపో నీళ్ళలో ముంచాను. హైపో పెట్టకపోతే బ్లీచ్ లోపల పనిచేస్తూనే ఉండి గుడ్డ చివికిపోతుంది. ఎండ తగలని చంకల కింద, కాలరు మడత లోపల అసలు రంగు అలాగే ఉంచాను.

కఫ్ లోపల చెక్కముక్క పెట్టి, సన్న శాండ్‌పేపరుతో మడత అంచు మాత్రమే రుద్దాను. కొంచెం రుద్దడం, ఉతకడం, ఆరాక చూడడం, మళ్ళీ రుద్దడం. ఒకేసారి గట్టిగా రుద్దితే అరుగుదల కాదు, చిల్లు పడుతుంది. బల్లకి రాసుకునేది రాసే చెయ్యి కాబట్టి కుడి కఫ్‌లో లోపలి కాన్వాస్ గుడ్డ తెల్లగా తొంగిచూసేదాకా వెళ్ళాను. ఎడమది అంచు పాలిపోగానే ఆపేశాను.

ఇక గుండీలు. పైవన్నీ నాలుగు రంధ్రాలవి, నీలం దారంతో ఇంటూ ఆకారంలో పొందిగ్గా కుట్టి ఉంటాయి. అవి ఆయన భార్య కుట్టినవి. పైనుంచి రెండోది ఊడిపోతే ఆయన అడుగు గుండీ కోసి అక్కడ కుట్టుకున్నాడు, నల్లదారంతో, రెండు అడ్డగీతల్లా. అడుగున ఏదో పైజమాది, రెండు రంధ్రాల గోధుమరంగు గుండీ. టక్ చేస్తే కనపడదని ఆయన లెక్క.

చొక్కా తొడుక్కున్న నటుడు ఏమీ అడగలేదు. అద్దంలో ఆ నల్లదారం చూసుకున్నాడు, షాట్‌లో ప్లీడరు ముందు నిలబడగానే ఫైలు ఛాతీకి ఆనించి ఆ రెండో గుండీని కప్పేశాడు! డైరెక్టరు చింపమన్న మాట మళ్ళీ ఎత్తలేదు.

వాన సీనుకి ఇంకో జత కావాలి, అరుగుదల ఫొటోలు చూసుకుంటూ అచ్చం ఇలాగే చెయ్యాలి. మీ అత్తయ్యగారి డబ్బాలో పాత పైజమా గుండీలుంటే కొరియర్ చెయ్యవూ? గోధుమరంగువి, రెండు రంధ్రాలవే.

నీ
సుజాత