డ్రెస్సింగ్ రూమ్ గోడకు పనికొచ్చే మాటలు

సంపాదకులకు,

మా మైదానంలో డ్రెస్సింగ్ రూమ్‌కు రంగులు వేస్తున్నారు. గోడల మీద రాయించాల్సిన సూక్తులు కూడా ఖాయం చేశారు. "ఐకమత్యమే మహాబలం", "ఓటమి విజయానికి తొలిమెట్టు" లాంటివి. తప్పు మాటలేం కావు. కానీ అండర్-16 మ్యాచ్‌లకు స్కోరు రాస్తూ ఆ గదిని దగ్గర నుంచి చూసేవాణ్ని. రనౌటై వచ్చి, హెల్మెట్ కూడా తీయకుండా గోడ వైపు తిరిగి కూర్చున్న కుర్రాడికి అవి ఎందుకూ కొరగావు. "వాడే పిలిచి, వాడే వెనక్కి పొమ్మన్నాడు" అన్నదొక్కటే అప్పుడు వాడి బుర్రలో తిరుగుతుంటుంది. జట్టు చీలేది అక్కడే. గోడ మీది మాట ఆ క్షణానికి పనికి రావాలి.

2020 డిసెంబరులో అడిలైడ్ టెస్టు మొదటి రోజు కోహ్లీ 74 మీద ఉన్నాడు, జట్టు 188కి 3. రహానే పరుగుకు పిలిచి, అంతలోనే వద్దన్నాడు. కోహ్లీ అప్పటికే సగం దూరం వచ్చేశాడు. ఆ రనౌట్ తర్వాత జట్టు 244కే ముగిసింది. ఆట ముగిశాక ఆ సాయంత్రమే కోహ్లీకి క్షమాపణ చెప్పానని రహానేయే తర్వాత విలేకరులకు చెప్పాడు. పదకొండు రోజులకు మెల్‌బోర్న్‌లో అదే రహానే 112 దగ్గర రనౌటయ్యాడు. 49 మీదున్న జడేజా అర్ధ సెంచరీకి కావలసిన ఒక్క పరుగు కోసం పరిగెత్తినప్పుడు జరిగింది. రహానే విసుక్కోలేదు, బ్యాట్ విసరలేదు. జడేజా దగ్గరికి నడిచి, భుజం తట్టి బయటికి వెళ్ళాడు. అవతల జడేజా 57 చేసి జట్టు ఆధిక్యం పెంచాడు. ఆ ఒక్క తట్టు లేకపోతే తర్వాతి బంతిని అతను ఏ మనసుతో ఎదుర్కొనేవాడో ఆలోచించండి.

అందుకే నా మొదటి మాట: "రనౌటైతే ముందు భుజం తట్టు. తప్పు నీదైతే సాయంత్రంలోగా ఒప్పుకో."

ఓటమి మాటకొస్తే, అదే అడిలైడ్‌లో రెండో ఇన్నింగ్స్ 36 పరుగులకే ముగిసింది. అంతకుముందు మనకు 53 పరుగుల ఆధిక్యం ఉందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు. మ్యాచ్ చేజారింది మూడో రోజు ఉదయం, ఒక్క సెషన్‌లో. జట్టు యాజమాన్యం ఆ తేడా గుర్తించింది. 36 చూసిన ఎవరికైనా ఇంకో బ్యాటర్‌ను తీసుకోవాలనిపిస్తుంది. పైగా కోహ్లీ సెలవు మీద ఇంటికి వచ్చేశాడు. అయినా అతని స్థానంలో జడేజాను తీసుకుని, ఐదుగురు బౌలర్లతో దిగి, మెల్‌బోర్న్‌లో 8 వికెట్ల తేడాతో గెలిచారు. "చిత్తుగా ఓడాం" అనుకుని కూర్చుని ఉంటే ఆ నిర్ణయం వచ్చేదే కాదు. కాబట్టి రెండో మాట: "ఓటమి ఏ ఓవర్లో మొదలైందో చెప్పు. ఎవరి వల్లో చెప్పకు." మా కుర్రాళ్ళకు ఇది కష్టం కాదు, స్కోరు పుస్తకంలో అంతా ఉంటుంది. 22వ ఓవర్ దాకా బాగానే ఆడి, తర్వాత నాలుగు ఓవర్లలో ఐదు వికెట్లు పోయాయని తెలిస్తే, మర్నాటి ప్రాక్టీసు దేని మీదో కూడా తెలుస్తుంది.

మూడో మాట మన కాకినాడలో పుట్టిన హనుమ విహారి నుంచి. 2021 జనవరిలో సిడ్నీ టెస్టు మొదటి ఇన్నింగ్స్‌లో విహారి, అశ్విన్ ఇద్దరూ రనౌటయ్యారు. చివరి రోజు ఓటమి తప్పించే భారం మళ్ళీ ఆ ఇద్దరి మీదే పడింది. విహారికి తొడ కండరం పట్టేసింది, పరుగు తీయలేడు. అశ్విన్‌కు నడుము నొప్పి. ఒకరి లోటు ఒకరు చూసుకుంటూ 42 ఓవర్లకు పైగా నిలబడ్డారు. విహారి 161 బంతులాడి 23 పరుగులతో నాటౌట్, మ్యాచ్ డ్రా. స్కోరు పుస్తకంలో 23 చిన్న అంకె. అందుకే ఆ మాట ఇలా ఉండాలంటాను: "అవతలివాడు ఏం చెయ్యలేడో కనుక్కో. ఆ పని నీది."

పెయింటర్ ఇంకా గోడ పైభాగంలోనే ఉన్నాడు. అధికారులకు నా విన్నపం ఒక్కటే. ఈ మూడు మాటలూ బెంచీ మీద కూర్చున్న కుర్రాడి కంటికి ఎదురుగా రాయించండి. ఇప్పుడు పైకప్పు దగ్గర పెద్దక్షరాలతో రాస్తున్నవి ఫొటోలకు తప్ప అక్కరకు రావు. ఈ మూడు మాటల కింద రెండడుగుల నల్లబల్ల ఒకటి వదిలేయండి. ఓడిన రోజు ఆ ఓవర్ నంబరును కెప్టెన్ సుద్దముక్కతో రాస్తాడు. తర్వాతి మ్యాచ్ దాకా దాన్ని ఎవరూ చెరపకుండా నేను చూసుకుంటాను.

— ఒక అండర్-16 స్కోరర్, కాకినాడ