మా అవ్వ ఫోటో గురించి, ఐదోసారి

మేనేజర్ గారికి నమస్కారం,

ముందు రాసిన నాలుగు మెయిళ్ళకీ ఒకటే జవాబు వచ్చింది, మీ ఫిర్యాదు నమోదైంది అని. మీ ఆఫీసులో ఎవురన్నా ఒకరు, మీరు బాగుచేసి ఇచ్చిన ఆ ఫోటోని తెరిచి పెద్దది చేసి చూసినారా అనేదే నేను అడగతా ఉండేది, దానికి మాత్రం ఇంతవరకు జవాబు లేదు.

చంద్రగిరిలో మా పాత ఇంటి ముందర 1971లో తీయించుకున్న ఫోటో అది. అవ్వ మొహం మీద చెమ్మ తగిలి బూజు తినేసింది, మెడ, చెవి కమ్మ, కొప్పు మాత్రం నిలిచినాయి. మా చిన్నాయన పెళ్ళి ఫోటోలో అవ్వ అదే పక్కకి తిరిగి ఉంది, వెలుగు కూడా ఎడమ పక్కనుంచే, అందుకని ఆ మొహం తీసి ఇందులో పెట్టమని రెండూ 600 డీపీఐలో స్కాన్ చేసి ఇచ్చినా. వచ్చే నెల అవ్వ సంవత్సరీకం. మీరు చేసిచ్చింది చూసి మా అక్క, అవ్వ మొహం మీద కాగితం అంటించినట్టు ఉందే అనింది.

ఫోన్ చేస్తే మొదటి అమ్మాయి, మీ స్కాన్ బాగాలేదు సార్ అనింది. రెండో అబ్బాయి మీ మొబైల్ బ్రైట్‌నెస్ తగ్గించి చూడండి అన్నాడు. మూడో ఆయన, పాత ఫోటోలు అట్లే ఉంటాయి సార్ అని పెట్టేసినాడు. నేను స్టూడియోలో డార్క్‌రూంలో ఇరవై రెండేళ్లు ప్రింట్లు వేసినోణ్ణి. ఇప్పుడు చూపు ఆనక కంప్యూటర్ ముందర కూర్చోలేక మీకిచ్చినా గానీ తెలీక కాదు.

మా మేనల్లుడు ఫోటోషాప్‌లో తెరిచి అంకెలు చూపించినాడు, సున్నా అంటే కటిక నలుపు, 255 అంటే పూర్తి తెలుపు. పాత ఫోటో వెలిసిపోయింది కదా, అందులో అన్నిటికన్నా నల్లగా ఉండే మా పెదనాయన జుట్టే 40 దగ్గర ఉంది, తెల్లటి పంచె 215 దాటలేదు. మీరు పెట్టిన మొహంలో కంటి కాటుక 8, నుదురు 240. అంటే ఆ ఫోటోలో ఇంకెక్కడా లేని నలుపు, ఇంకెక్కడా లేని తెలుపు అవ్వ మొహంలోనే ఉన్నాయి. బ్రైట్‌నెస్ మార్చితే మొత్తం ఒకటే పక్కకి జరుగుతుంది, ఈ తేడా పోదు. కర్వ్స్‌లో కింది కొసని 40 దాకా ఎత్తి, పై కొసని 215కి దించి, ఆపైన నడుమ భాగాన్ని సరిచేయాల. నడుమ దానికి కొలత ఎవురి మొహమో అక్కర్లేదు, అవ్వ మెడ అసలుదే ఉందిగా, దవడ కింద నీడ ఎట్లా ఉందో చూసుకోని చెంపని దానికి కలిపితే చాలు.

ఇది చెప్తే వారం తర్వాత రెండోసారి పంపినారు, వాట్సాప్‌లో. వాట్సాప్ ఫోటోని నలిపేస్తుంది, ఫిల్మ్‌కి ఉండే సన్నటి గరుకు, ఆ గ్రెయిన్ అందులోనే పోతుంది, దాన్ని చూసి బాగుంది అని మీరే తేల్చేసి టికెట్ మూసేసినారు. నేను గోల చేస్తే అసలు ఫైల్ ఇచ్చినారు. నూరు శాతం సైజులో చూస్తే అవ్వ మెడ మీద బొంబాయి రవ్వ చల్లినట్టు గ్రెయిన్, చెంప మాత్రం పింగాణీ ప్లేటు మాదిరి. పెళ్ళి ఫోటోలో మొహం పెద్దది, సగానికి తగ్గించి పెట్టినారు, తగ్గిస్తే గ్రెయిన్ సన్నబడి మాయమైపోతుంది. మళ్ళీ వేయాల కదా, అదీ రంగు లేని నాయిస్ వేసి, ఒక పిక్సెల్ లోపలే కొంచెం బ్లర్ చేయాల, ఎందుకంటే నాయిస్ చుక్కలు విడివిడిగా గీరుకున్నట్టు ఉంటాయి, ఫిల్మ్ గ్రెయిన్ గుంపులుగా మెత్తగా ఉంటుంది. మామూలు బూడిద రంగులో బాగా కనపడాల, కాటుకలో, తెల్లటి చోట్ల తక్కువ ఉండాల.

మూడోసారి గ్రెయిన్ వేసినారు, ఒప్పుకుంటా. కానీ వేసినాక అంచుని బ్లర్ చేసినారు, దాంతో దవడ చుట్టూ వేలంత వెడల్పున నున్నటి గీత ఒకటి వలయం మాదిరి మిగిలింది. మొహాన్ని మెత్తబరిచేదీ, అంచు కలిపేదీ అంతా అయిపోయినాక చివర్లో, అతుకు మీదుగా కూడా గ్రెయిన్ వేస్తే ఆ గీత వచ్చేదే కాదు. కాంట్రాస్ట్ బాగా పెంచి చూడమని మీవాళ్ళకి చెప్పండి, గీత ఎంత దూరం నుంచైనా కనపడుతుంది.

మా ఇంట్లో రెండు పెళ్ళిళ్ళ ఆల్బమ్‌లు మీ దగ్గరే చేయించినాం, మీ కౌంటర్‌లో ఉండే పెద్దాయనకి నేను తెలుసు. అట్లాంటోణ్ణి లైన్‌లో నలభై నిమిషాలు పాట వినిపిస్తా నిలబెట్టినారు. నాకు డబ్బు వాపసు వద్దు, ఆ పని చేసే మనిషితో పది నిమిషాలు మాట్లాడనివ్వండి, లేదంటే లేయర్లు కలపని ఫైల్ ఇచ్చేయండి, మేనల్లుడితో నేనే చేయించుకుంటా. ఈ శనివారం లోపల ఎవురూ ఫోన్ చేయకపోతే మూడు ఫైళ్ళూ, నాలుగు మెయిళ్ళూ ప్రింట్ తీసుకోని వినియోగదారుల కమిషన్‌కి పోతాను.