ఆ ట్రెంచ్‌లోకి దిగవద్దు

చిన్నా,

నిన్న నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి నాకు టెన్షన్‌గానే ఉంది. ట్రెంచ్ అంచున పగులు వచ్చిందని చూపిస్తే, మీ సూపర్‌వైజర్ "పది నిమిషాల పనే కదా, పైపు జాయింట్ వేసి వచ్చెయ్" అన్నాడట. నువ్వు చూసింది సరిగ్గానే చూశావు. తవ్వకాల పనిలోనే బతికినవాడిగా చెబుతున్నాను.

అంచు వెంబడే పగులు సాగిందంటే ఆ ముక్క వెనక మట్టిని వదిలేస్తోందన్నమాట. నువ్వు చెప్పిన కొలతలే చూడు. పగులు పొడవు 3 మీటర్లు, అంచు నుంచి దూరం అర మీటరు, లోతు 2 మీటర్లు. మొత్తం 3 ఘనపు మీటర్ల మట్టి. ఘనపు మీటరుకు ఒకటిన్నర టన్నులు వేసుకున్నా నాలుగున్నర టన్నులు. అది పడేముందు హెచ్చరించదు, తప్పుకునే టైమూ ఇవ్వదు. పది నిమిషాలైతే ఏమిటి, గంటైతే ఏమిటి? పైగా తవ్విన మట్టంతా అంచునే పోశారన్నావు. ఆ బరువు, పక్కనే తిరిగే జేసీబీ అదురు, రెండూ ఆ పగులు మీదే పడతాయి. నిన్న నిలబడిన గోడ ఇవాళ నిలబడుతుందని ఎవరూ చెప్పలేరు.

ఛాతీ వరకే కూరుకుపోయినా, తల బయటే ఉన్నా ప్రాణం పోవచ్చు. ఊపిరి వదిలినప్పుడల్లా ఆ కాస్త ఖాళీలోకి మట్టి సర్దుకుంటుంది, మళ్లీ పీల్చడానికి చోటుండదు. అందుకే ఎవరైనా చిక్కుకుంటే నువ్వు దూకకు. కాపాడబోయినవాళ్ల మీద రెండో గోడ కూలడం మామూలే. జేసీబీతో లాగనివ్వకు కూడా. అందరినీ అంచు నుంచి దూరం జరిపి, రెస్క్యూ వాళ్లను పిలిపించు.

రేపు మీ సూపర్‌వైజర్‌తో "భయంగా ఉంది" అనకు, ఆ మాటను తేలిగ్గా కొట్టేస్తాడు. పగులు ఎక్కడుందో, ఎంత పొడవుందో చెప్పు. మట్టి కుప్పను వెనక్కి లాగించి, గోడలను ఏటవాలుగా కోయించమను. చోటు లేకపోతే గోడలు కూలకుండా ఆనించే షోరింగ్ పెట్టించమను. దిగేచోటికి దగ్గర్లో నిచ్చెన ఉండాలను. అవన్నీ అయ్యాకే దిగుతానని చెప్పు. ఇదే విషయం ఫోటోతో సహా ఆయనకూ సేఫ్టీ ఆఫీసర్‌కూ మెసేజ్ పెట్టు. నోటిమాటైతే రేపు "నాకెవరూ చెప్పలేదు" అంటాడు. నీతో దిగాల్సిన ఇద్దరినీ వెంటబెట్టుకుని వెళ్లు, ఒక్కడివే అడిగితే నీ ఒక్కడి మొండితనం అంటారు.

ప్రాణాపాయం కనిపిస్తే పని నుంచి తప్పుకున్నవాణ్ణి శిక్షించకూడదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981లో చేసిన 155వ ఒప్పందం చెబుతోంది. అన్ని దేశాలూ దాన్ని ఒప్పుకోలేదు, ఒప్పుకున్నచోట కూడా ఉద్యోగం పోయే ప్రమాదం ఉంది, అది నాకు తెలుసు. పోతే పోనీ, ఇంకో పని దొరికేదాకా ఇంటి ఖర్చు నేను చూసుకుంటాను. ఆ సంగతి మనసులో పెట్టుకుని మాత్రం దిగకు.

ఆయన ఏమన్నాడో మధ్యాహ్నం భోజనం వేళ ఫోన్ చేసి చెప్పు.

మీ నాన్న