‘లేదా అందులో భాగానికి’: రౌండప్ ఎన్నిసార్లు?

సంపాదకులకు,
నమస్కారం.

పార్కింగ్ స్థలాల బోర్డుల మీదా, అద్దె ట్యాక్సీల రేట్ల పట్టికల్లోనూ ‘ప్రతి గంటకు లేదా అందులో భాగానికి’ అనే మాట చిన్న అక్షరాల్లో ఉంటుంది. గంట నిండకపోయినా గంట కిందే లెక్క అని దాని అర్థం, ఆ మేరకు అందరికీ తెలుసు. గంట దాటి ఒక్క నిమిషం ఉన్నా రెండు గంటల డబ్బు కట్టాలన్న ఫిర్యాదు మీ పత్రికలోనే చాలాసార్లు చదివాను. నా ఉద్దేశంలో అసలు చిక్కు అక్కడ లేదు. నిండని భాగాన్ని పూర్తి శ్లాబుగా, అంటే రేటు వేసే పూర్తి కాలంగా లెక్కించే ఈ రౌండప్ ఒక బిల్లులో ఒక్కసారే జరుగుతోందా, అంతకంటే ఎక్కువసార్లు జరుగుతోందా అన్నది బోర్డు చెప్పదు, బిల్లూ చెప్పదు. కట్టాల్సిన మొత్తం మాత్రం దాన్ని బట్టి చాలా మారిపోతుంది.

మా కార్యాలయం అద్దెకు తీసుకునే వాహనాల బిల్లులు సరిచూడటం నా పనుల్లో ఒకటి. ఈ మధ్య ఒక ట్రిప్ షీటు నా బల్ల మీదికి వచ్చింది. అందులో వెయిటింగ్ చార్జీ 15 నిమిషాల శ్లాబుకు 30 రూపాయలు, అంటే నిమిషానికి 2 రూపాయలు పడుతుంది. ట్యాక్సీ నాలుగు చోట్ల ఆగింది: మొదట 16 నిమిషాలు, తర్వాత 4, ఆ తర్వాత 31, చివర 17. డ్రైవరు ఆగిన వేళ, కదిలిన వేళ ఓపికగా రాసి పెట్టాడు కాబట్టి నాకు ఇదంతా తెలిసింది. మొత్తం కలిపితే 68 నిమిషాలు. బిల్లులో వెయిటింగ్ కింద వేసింది 240 రూపాయలు, అంటే 120 నిమిషాలకు అయ్యే సొమ్ము.

ఎక్కడా కూడికలో తప్పు లేదు. 16 నిమిషాలు రెండు శ్లాబులయ్యాయి, 4 నిమిషాలు ఒకటి అయ్యాయి, 31 నిమిషాలు మూడయ్యాయి, 17 నిమిషాలు రెండయ్యాయి. వెరసి ఎనిమిది శ్లాబులు. అదే 68 నిమిషాలను ముందు కలిపి, చివర్లో ఒక్కసారి పై శ్లాబుకు తీసుకెళ్తే ఐదు శ్లాబులే అవుతాయి, 150 రూపాయలు వస్తాయి. నిమిషాల ప్రకారం కచ్చితంగా లెక్క కడితే 136. ఒక్కసారి రౌండప్ చేయడం వల్ల మా మీద పడే అదనం 14 రూపాయలు, నాలుగుసార్లు చేయడం వల్ల పడింది 104. రేటు అదే, పట్టికలోని వాక్యమూ అదే. ‘ప్రతి 15 నిమిషాలకు లేదా అందులో భాగానికి’ అన్న మాటను ఒక్కో ఆగుడుకు వర్తింపజేశారా, మొత్తం ప్రయాణానికి వర్తింపజేశారా అన్నదొక్కటే తేడా.

ఇలాంటి బిల్లును పట్టుకోవడానికి గణితం పెద్దగా అక్కర్లేదు. డబ్బు వసూలు చేసిన నిమిషాల్లోంచి నిజంగా ఆగిన నిమిషాలు తీసేయాలి. రౌండప్ ఒక్కసారే జరిగి ఉంటే, ఆ తేడా ఎప్పుడూ ఒక శ్లాబు కంటే తక్కువే ఉంటుంది. ఎంత దురదృష్టవంతుడికైనా అంతకు మించదు. మా బిల్లులో 120 లోంచి 68 పోతే 52 మిగిలింది. శ్లాబు 15 నిమిషాలే కనుక రౌండప్ ఒకటికి మించి జరిగిందని ఆ అంకె చూడగానే తెలిసిపోయింది. ఆగిన నిడివులు ఇష్టం వచ్చినట్టు ఉంటాయనుకుంటే, రౌండప్ చేసిన ప్రతిసారీ సగటున అర శ్లాబు అదనంగా పడుతుంది. కాబట్టి తక్కువసేపు, ఎక్కువసార్లు ఆగే ప్రయాణమే ఈ పద్ధతిలో అన్నిటికంటే ఎక్కువ నష్టపోతుంది. ఒకే చోట 68 నిమిషాలు తీరిగ్గా ఆపి ఉంచిన వ్యక్తికి వచ్చే బిల్లు 150 రూపాయలే.

ఇక్కడ పాత తరహా ట్యాక్సీ మీటరును గుర్తు చేసుకోవాలి. దాని మీద మనకు ఎన్ని అనుమానాలున్నా, ఈ ఒక్క విషయంలో అది న్యాయంగానే ఉండేలా తయారైంది. బండి ఒక నిర్ణీత వేగం కంటే నెమ్మదిస్తే మీటరు కాలాన్ని లెక్కిస్తుంది, ఆ వేగం దాటితే దూరాన్ని లెక్కిస్తుంది. మీటరు అంకె మారడానికి నిండాల్సిన ఒక మెట్టు సగంలో ఉండగా బండి కదిలితే ఆ సగం పోదు. దూరం అక్కడి నుంచే దాన్ని నింపుతుంది, నిండాకే అంకె మారుతుంది. అంటే మిగులు ముందుకు సాగుతుంది, రౌండప్ ప్రయాణం మొత్తానికీ ఒక్కసారే ఉంటుంది. ట్రిప్ షీటు మీద చేత్తో వేసే లెక్కలో, ఆగిన ప్రతిసారీ కొత్త వరుసలో వేసే బిల్లులో ఈ మిగులు ముందుకు సాగదు. ప్రతి వరుసా సున్నా నుంచి మొదలై, తన శ్లాబును తానే నింపుకుంటుంది.

పార్కింగ్‌లో ఆగుడు ఒకటే కదా, అక్కడ ఈ బెడద ఉండదనుకుంటాం. అక్కడా రెండోసారి రౌండప్ జరిగే చోటు ఒకటుంది, అది గడియారంలో దాగి ఉంటుంది. లోపలికి వెళ్లేటప్పుడు ఇచ్చే చీటీ మీద సెకన్లు ఉండవు. ఒక వాహనం 10 గంటల 5 నిమిషాల 50 సెకన్లకు లోపలికి వచ్చిందనుకోండి, చీటీ మీద 10:05 అని పడుతుంది. 11 గంటల 5 నిమిషాల 10 సెకన్లకు బయటికి వచ్చింది. అక్కడి యంత్రం సెకన్లను వదిలేస్తే 11:05 అవుతుంది, సరిగ్గా గంట. సెకన్లను పై నిమిషానికి చేర్చేలా అమర్చి ఉంటే 11:06 అవుతుంది, 61 నిమిషాలు, రెండు గంటల రుసుము. ఆ వాహనం నిజంగా లోపల ఉన్నది 59 నిమిషాల 20 సెకన్లు. వచ్చిన వేళను కిందికీ, వెళ్లిన వేళను పైకీ సరిచేశాక, అలా పుట్టిన 61ని మళ్లీ గంటల్లోకి పైకి సరిచేశారన్నమాట.

దీనివల్ల ఎవరికైనా రెండు నిమిషాల లోపే పెరుగుతుంది కాబట్టి ఇదంత పట్టించుకోవాల్సింది కాదని ఎవరైనా అనవచ్చు. జనం ఏ వేళకు పడితే ఆ వేళకు వెళ్లిపోతుంటే ఆ మాట చాలావరకు నిజమే. కానీ గంటల చొప్పున డబ్బు తీసుకునే చోట జనం గడియారం చూసుకుని, గంట నిండే ముందు పరుగున వస్తారు. ఆ చివరి నిమిషాల్లోనే బయటి ద్వారం దగ్గర వరుస కడతారు, ఆ వరుసలో నిలబడిన కాలమూ వాళ్ల ఖాతాలోనే పడుతుంది. అందువల్ల ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే శ్లాబు మారిపోయే వాళ్లు అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటారు. రెండు వేళలనూ ఒకే తీరున, అంటే సెకన్లు వదిలేసి నమోదు చేస్తే పొరపాటు ఒకసారి ఇటు, ఒకసారి అటు పడుతుందే తప్ప ఎప్పుడూ ఒకే పక్షానికి లాభించదు.

‘మొదటి 10 నిమిషాలు ఉచితం’ అన్న మాటకు కూడా రెండు అర్థాలున్నాయి. 65 నిమిషాలు ఉన్నవాడికి ఆ 10 తీసేస్తే 55 అయి ఒక గంట రుసుము పడుతుంది. 10 దాటినవాడికి ఉచితమే లేదంటే రెండు గంటలు పడుతుంది. ఏది తమ పద్ధతో బోర్డు మీద రాయడానికి ఒక వాక్యం చాలు.

నిర్వాహకుల వైపు నుంచీ ఒక మాట చెప్పాలి. శ్లాబులు తీసేసి నిమిషాల లెక్క పెట్టండి అని కోరేవాళ్లు మొత్తం వసూలు తగ్గుతుందనుకుంటారు. తగ్గితే నిర్వాహకుడు రేటు పెంచుకుంటాడు, అప్పుడు మారేది ఎవరు ఎంత కడతారన్నదే. గంటకు 30 రూపాయల చొప్పున ఒకరు 75 నిమిషాలు, మరొకరు 105 నిమిషాలు ఉన్నారనుకుందాం. ఇప్పుడు ఇద్దరూ రెండేసి గంటలకు 60 రూపాయల చొప్పున, మొత్తం 120 కడుతున్నారు. ఆ 120 తగ్గకుండా నిమిషాల మీద పంచితే మొదటివారు 50, రెండోవారు 70 కడతారు. బోర్డు మీద రేటు గంటకు 40 అని మారుతుంది. 40 అని చూడగానే పెంచేశారని అందరూ గొడవ చేస్తారు. కానీ శ్లాబు పెట్టిన 30 రూపాయల బోర్డు, ఈ ఇద్దరి విషయంలో, నిజానికి 40 రూపాయల బోర్డే. నాకైతే ఆ దాచని 40 నయం అనిపిస్తుంది. అంతవరకూ పోనక్కర్లేదనుకుంటే గంట శ్లాబును పావుగంటకు తగ్గించినా చాలు, సగటు అదనం అరగంట నుంచి ఏడున్నర నిమిషాలకు దిగుతుంది.

కాబట్టి రేట్లు నిర్ణయించే అధికారులను నేను కోరేది రేటు తగ్గించమని కాదు. రేటు పక్కనే శ్లాబు ఎంతో, దాన్ని దేనికి వర్తింపజేస్తారో, ప్రయాణం మొత్తానికా లేక ఒక్కో ఆగుడుకా అన్నది, రాయించండి. బిల్లు మీద వసూలు చేసిన కాలంతో పాటు నిజంగా ఆగిన కాలం కూడా నిమిషాల్లో తప్పనిసరిగా అచ్చు వేయించండి. ఆ రెండు అంకెలూ పక్కపక్కన ఉంటే తీసివేత ఎవరైనా చేసుకుంటారు.

నేను అభ్యంతరం రాసి పంపాక, ఆ ట్రిప్ షీటును ఏజెన్సీవారు 150 రూపాయలకు సవరించి ఇచ్చారు. అదే ఏజెన్సీ అంతకుముందు పంపిన షీట్లన్నీ బయటికి తీసి చూశాను. వాటిలో ‘వెయిటింగ్ 2 గం.’, ‘వెయిటింగ్ 1 గం. 30 ని.’ అని మాత్రమే ఉంది. ఎన్ని చోట్ల ఆగిందీ, ఎంతసేపు ఆగిందీ ఒక్క దానిలోనూ లేదు కాబట్టి వాటి మీద అడగడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది.

ఇట్లు,
మీ పాఠకుడు