పాటలో గొంతు ఎక్కడికి పోయింది?

పర్లాకిమిడి

చిరంజీవి బాబుకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అమ్మా, మామ్మా, నేనూ అందరం బాగున్నాం. నిన్న రాత్రి నువ్వు ఫోన్లో చెప్పింది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. "నాన్నా, ఆంప్లిఫయర్ పాడైపోయినట్టుంది. కొత్త పాటలు పెడితే గొంతు వినపడదు, వాయిద్యాలే వస్తున్నాయి. మామ్మ పాత పాటలు పెడితే అసలు ఏమీ రాదు, బుయ్‌మని మోత ఒక్కటే" అన్నావు. కేబుల్ వల్లనేమో అనుకుని బ్లూటూత్ రిసీవర్ కూడా కొన్నావట, దాంతోనూ అంతేనట. ఆంప్లిఫయర్‌ని గుణుపురంలో ఎవరికీ విప్పడానికి ఇవ్వకు బాబూ. దానికి ఏమీ కాలేదని నా నమ్మకం. పోయింది కేబుల్‌లోని ఎర్త్ తీగ. బజారులో అన్నేళ్లు రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేశాను కదా, ఇదే కంప్లయింట్‌తో ఎంతమంది వచ్చారో.

నీ కేబుల్‌కి ఒక కొసన ఫోన్‌లో పెట్టే సన్న పిన్ను ఉంది, రెండో కొసన ఎరుపు, తెలుపు ప్లగ్గులు ఉన్నాయి. ఆ సన్న పిన్ను మీద రెండు నల్ల గీతలు చూడు. అవి పిన్నుని మూడు ముక్కలు చేస్తాయి. కొన ఎడమ చానెల్, మధ్యది కుడి చానెల్, మొదలు దగ్గరున్నది రెంటికీ కలిపి ఎర్త్. ఫోన్ నుంచి ఎడమ, కుడి తీగల్లో వెళ్లిన సిగ్నల్ ఆంప్లిఫయర్‌లోకి పోయి ఈ ఎర్త్ గుండానే వెనక్కి రావాలి.

ఎర్త్ తెగితే దానికి తిరిగి వచ్చే దారి లేదు. అప్పుడు ఎడమ తీగలో వెళ్లింది కుడి తీగలోంచి వెనక్కి రావడానికి చూస్తుంది. అంటే ఆంప్లిఫయర్‌కి చేరేది ఎడమ చానెల్‌లోంచి కుడి చానెల్‌ని తీసేస్తే మిగిలే తేడా మాత్రమే. పాట రికార్డు చేసేటప్పుడు గాయకుడి గొంతుని రెండు చానెళ్లలోనూ సమానంగా పెడతారు, అందుకే అది మనకి నడిమధ్య నుంచి వినిపిస్తుంది. సమానమైనదాంట్లోంచి సమానమైనది తీసేస్తే సున్నా. గొంతు పోతుంది, దాంతోపాటు మధ్యలో ఉండే బేస్ కూడా చాలావరకు పోతుంది. ఒక పక్కకి పెట్టిన వయొలిన్లు, గిటారు, గొంతు వెనక గదిలో మోగినట్టుండే ప్రతిధ్వని మిగులుతాయి. మామ్మ వినే 1950లు, 60ల నాటి పాటలు చాలావరకు మోనోవి. వాటిలో రెండు చానెళ్లూ అచ్చంగా ఒకటే, కాబట్టి మొత్తం పాటే సున్నా అయిపోతుంది. నువ్వు మామ్మ పాటల సంగతి చెప్పగానే నాకు అనుమానం తీరిపోయింది. ఆంప్లిఫయర్ చెడితే పాత పాటకీ కొత్త పాటకీ ఇలా తేడా చూపించదు.

ఇక బ్లూటూత్ రిసీవర్ ఎందుకు పనిచెయ్యలేదంటావా, అది తీసేసింది ఫోన్‌కీ తనకీ మధ్య తీగని మాత్రమే. తన దగ్గర్నుంచి ఆంప్లిఫయర్‌కి మళ్లీ తీగే కావాలి. నువ్వు ఆ పాత కేబుల్‌నే దానికి తగిలించి ఉంటావు. రిసీవర్‌ని తిరిగి ఇచ్చెయ్యకు, దాని తప్పు లేదు.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. ముందు ఫోన్‌కి ఇయర్‌ఫోన్ పెట్టి అదే పాట విను. గొంతు నిండుగా వస్తే ఫోనూ పాటా రెండూ మంచివే. తర్వాత ఫోన్ కవరు తీసేసి కేబుల్ పిన్నుని టక్‌మనే దాకా నొక్కు. మందం కవరు అడ్డొచ్చి పిన్ను ఒక్క మిల్లీమీటరు బయట ఉండిపోయినా ఎర్త్ అందక ఇదే తంతు జరుగుతుంది. అలాంటప్పుడు ఖర్చు లేకుండానే పని అయిపోతుంది.

అప్పటికీ గొంతు రాకపోతే ఆంప్లిఫయర్ వాల్యూమ్ పూర్తిగా తగ్గించి వెనక నుంచి ఎర్ర ప్లగ్గు పీకెయ్యి, తెల్లది ఉండనియ్యి. తగ్గించకుండా మాత్రం పీకొద్దు. ఆ ప్లగ్గుల్లో బయటి రింగు ముందు ఊడి, మధ్య పుల్ల ఆఖరున ఊడుతుంది, ఆ క్షణంలో వచ్చే పెద్ద మోతకి స్పీకర్ దెబ్బతినొచ్చు. ఇప్పుడు వాల్యూమ్ మెల్లగా పెంచు. కేబుల్ మంచిదైతే ఎడమ స్పీకర్లో పాట గొంతుతో సహా వస్తుంది. ఎర్త్ తెగి ఉంటే ఉన్న ఆ కాస్త పాటా పోయి మోత మిగులుతుంది, ఎందుకంటే కుడి తీగలోంచి తిరిగొచ్చే దొంగదారిని కూడా నువ్వు మూసేశావు. దీనికి మీటరు కూడా అక్కర్లేదు. మీ కాలేజీ ల్యాబ్‌లో మల్టీమీటర్ దొరికితే బీప్ మీద పెట్టి, పిన్ను మొదలు భాగానికీ ఎరుపు, తెలుపు ప్లగ్గుల బయటి రింగులకీ ముట్టించు. మోగాలి. మోగకపోతే పిన్ను మెడ దగ్గర వైరుని అటూ ఇటూ వంచి చూడు. నూటికి తొంభై కేబుళ్లు అక్కడే తెగుతాయి.

తెగిందని తేలితే కొత్త కేబుల్ కొను. కొనేటప్పుడు పిన్ను మీద నల్ల గీతలు రెండే ఉండాలి. మూడు గీతలు, మూడు ప్లగ్గులు, అందులో ఒకటి పసుపు ఉన్నది వీడియో కెమెరాల కేబుల్. దాంట్లో ఎర్త్ వేరే చోట ఉండొచ్చు, అది తెచ్చుకుంటే మళ్లీ గొంతు పోయిందని నాకు ఫోన్ చేస్తావు.

ఆంప్లిఫయర్ వెనక AUX అని ఉన్న సాకెట్లలోనే పెట్టు. పక్కనే ఉన్న PHONO జోలికి పోకు. అది మన పాత రికార్డ్ ప్లేయర్ కోసం. దాని ముల్లు నుంచి వచ్చేది కొద్ది మిల్లీవోల్టులే, అందుకని లోపల బాగా పెంచి, బేస్ ఎక్కించి, కీచుని తగ్గించే సర్క్యూట్ ఉంటుంది. ఫోన్ సిగ్నల్ దానికి వందరెట్లు కూడా ఉండొచ్చు, అక్కడ పెడితే పాట బొంగురుగా, పగిలిపోయి వస్తుంది.

కేబుల్ మారాక బ్లూటూత్ రిసీవర్ పెట్టుకో, మంచం మీంచి లేవకుండా పాట మార్చుకోవచ్చు. ఫోన్ వాల్యూమ్ ముప్పావు వంతు పైనే ఉంచి, గదికి కావలసినంత ఆంప్లిఫయర్ దగ్గర పెంచు. ఫోన్‌లో తగ్గించి ఇక్కడ పెంచితే పాటతోపాటు సొద కూడా పెరుగుతుంది. రిసీవర్‌ని చార్జర్‌కి పెట్టినప్పుడు మాత్రమే సన్నగా జుయ్‌మంటే కేబుల్‌ని అనుమానించకు. దాన్ని పవర్‌బ్యాంక్ మీద నడిపి చూడు, ఆగిపోతే అది చార్జర్ పంపే సొద. వేరే చార్జర్ పెట్టుకుంటే చాలు.

మామ్మ అడుగుతోంది, తన పాటలు అక్కడ మోగుతున్నాయా లేదా అని. మోగగానే ఫోన్ చేసి స్పీకర్ దగ్గర పెట్టు, వింటుంది. ఆ పాత కేబుల్ పారెయ్యకు. ఆదివారం రైల్లో వచ్చేటప్పుడు తీసుకురా. మెడ దగ్గర కోసి కొత్త పిన్ను అతికిద్దాం, సోల్డరింగ్ ఐరన్ ఇంకా పనిచేస్తోంది. ఈసారి నువ్వే అతికించు, నేను పక్కన వైరు పట్టుకుంటాను.

మీ నాన్న