మీ అసోసియేషన్ మీటింగ్‌కి ఈసారి ఆరు స్లైడ్లతోనే వస్తాం

"పోయినసారి మీరు సోలార్ గురించి గంటన్నర చెప్పారు. అందరూ బాగుందన్నారు. మీరు వెళ్లాక మేం ఏం తేల్చాలో మాకే అర్థం కాలేదు. ఈ నెల మళ్లీ పిలిస్తే ఏం తేడా ఉంటుంది?" – గుంటూరులో మా కస్టమర్ కాబోయే ఒక అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు, వాట్సాప్‌లో.

సెక్రటరీ గారూ, తప్పు మాదే. ఆ రోజు మేం తెచ్చినవి 38 స్లైడ్లు. మొదటి పన్నెండూ మా కంపెనీ గురించే. మీ కరెంటు బిల్లు మాట వచ్చేసరికి సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు. చివర్లో నేను "ఆలోచించి చెప్పండి సార్" అని ల్యాప్‌టాప్ మూసేశాను. ఆ మాటకి ఎవరు మాత్రం ఏం చెబుతారు? సోలార్ పెట్టించుకోవాలని చూస్తున్న మిగతా అసోసియేషన్ల వాళ్లకీ పనికొస్తుందని ఈ జవాబు అందరికీ పంపిస్తున్నాను.

ఈసారి మొదటి స్లైడ్ మీద మీ బిల్లే ఉంటుంది. లిఫ్టు, బోరు మోటారు, కారిడార్ లైట్లు కలిపి మీ కామన్ మీటర్ నెలకి సగటున 2,400 యూనిట్లు తిరుగుతోంది, బిల్లు దాదాపు 22,000. దాని కిందే ఆ సాయంత్రం మీ నుంచి మాకు ఏం కావాలో ఒక్క వాక్యంలో రాసి ఉంటుంది. ఏం అడగబోతున్నామో ముందే తెలిస్తే వినేవాళ్లు దానికి తగ్గట్టే వింటారు, ప్రశ్నలూ దాని మీదే వస్తాయి.

రెండో స్లైడ్‌లో లెక్క. ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకి సుమారు 4 యూనిట్లు ఇస్తాయి కాబట్టి మీకు 20 కిలోవాట్లు సరిపోతాయి. దానికి నీడ పడని డాబా దాదాపు 2,000 చదరపు అడుగులు కావాలి. మూడోది మీ డాబా ఫొటో. ప్యానెళ్లు ఎక్కడ వస్తాయో, బట్టలు ఆరేసుకోవడానికి ఎంత జాగా మిగులుతుందో దాని మీదే గీసి చూపిస్తాం. నాలుగోది డబ్బు, ఐదోది ఎన్ని రోజుల్లో ఏ పని అవుతుందో, ఆరోది మళ్లీ మేం అడిగేది. చెప్పడం ఇరవై నిమిషాల్లో ముగుస్తుంది. ప్యానెల్, ఇన్వర్టర్ వివరాలు, వారంటీ కాగితాలు విడిగా ఉంటాయి, ఎవరైనా అడిగితేనే తెరుస్తాం.

డబ్బు స్లైడ్ దగ్గర కాస్త ఆగాలి, పోయినసారి నేను దొరికిపోయింది అక్కడే. మొత్తం ఖర్చు 11 లక్షలు. పీఎం సూర్యఘర్ పథకంలో హౌసింగ్ సొసైటీల కామన్ అవసరాలకి కిలోవాట్‌కి 18,000 సబ్సిడీ ఉంది, అంటే మీకు 3.6 లక్షలు. అది తీసేసి, మిగతాది మీ 40 ఫ్లాట్లకి పంచి "ఫ్లాట్‌కి 18,500 మాత్రమే" అని పెద్ద అక్షరాలతో చూపించాను. రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి ఒకాయన "సబ్సిడీ ముందే వస్తుందా?" అనగానే నాకు మాట తడబడింది. రాదు. ప్యానెళ్లు బిగించి, మీరు వాడిన కరెంటునీ లైన్‌లోకి పంపినదాన్నీ లెక్కేసే నెట్ మీటర్ పెట్టి, సిస్టమ్ నడిచాకే వస్తుంది. అంటే ముందు ఫ్లాట్‌కి 27,500 కట్టాలి, తర్వాత 9,000 వెనక్కి వస్తుంది. నేను అబద్ధం చెప్పలేదు, కానీ చెప్పాల్సిన వరస తప్పాను. అక్కడి నుంచి నేను చెప్పిన ప్రతి అంకెనీ ఆయన అనుమానంగానే చూశారు. ఈసారి పెద్ద అక్షరాల్లో 27,500 ఉంటుంది. బిల్లులో నెలకి 20,000 తగ్గితే సబ్సిడీతో పెట్టుబడి 37 నెలల్లో తిరిగొస్తుంది. సబ్సిడీ అసలు రాదనుకున్నా 55 నెలలు. రెండూ పక్కపక్కనే చూపిస్తాం.

ఇక ప్రశ్నలు. మేం నేర్చుకున్నదేమిటంటే, అడిగిన ప్రశ్న ఒకటి, లోపలున్న భయం ఇంకొకటి. మీ ఐదో అంతస్తు అమ్మగారు "ఏ కంపెనీ ప్యానెళ్లు బాబూ?" అన్నారు. నేను పది నిమిషాలు ప్యానెళ్ల గురించి చెప్పాను. మెట్లు దిగుతుంటే అసలు సంగతి చెప్పారు: "వానాకాలం మా బెడ్‌రూమ్ కారుతుందేమోనని." ఆ సంగతి మీటింగ్‌లోనే తెలిసి ఉంటే శ్లాబుకి రంధ్రాలు వేయకుండా, పైన సిమెంటు దిమ్మెలు పోసి వాటి మీద స్టాండ్లు నిలబెడతామని ఒక్క ముక్కలో చెప్పేవాణ్ణి. అందుకే ఇప్పుడు ప్రశ్న రాగానే "దీని గురించి మీకు అనుమానం ఎక్కడొచ్చిందండీ?" అని ఒకసారి అడిగి, ఆ తర్వాతే జవాబిస్తున్నాం.

జవాబు మొదటి వాక్యంలోనే వచ్చేయాలని మా కుర్రాళ్లకి కచ్చితంగా చెప్పాను. "కరెంటు పోతే ఇది పనిచేస్తుందా?" అంటే పనిచేయదు, అంతే. లైన్ మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. ఈ వివరణ ముందు చెప్పి "పనిచేయదు" అన్నది చివర చెబితే దాస్తున్నట్టు ఉంటుంది. "వేరేవాళ్లు 9 లక్షలకే ఇస్తామన్నారు" అనే మాటా తప్పకుండా వస్తుంది. వాళ్లని మేం తిట్టం. వాళ్ల కొటేషన్‌లో ప్యానెళ్లు డీసీఆర్, అంటే మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసినవో కాదో చూడమంటాం. కాకపోతే సబ్సిడీ రాదు. అవే అయ్యుండి 9 లక్షలైతే వాళ్ల దగ్గరే తీసుకోండి, ఆ ధరకి మాకు గిట్టదు. తెలియని ప్రశ్న వస్తే అందరికీ కనిపించేలా చార్టు మీద రాసి, పక్కన ఎవరు ఏ రోజుకి చెబుతారో కూడా రాస్తాం.

చివరికి తేల్చడం. పోయినసారి మీ కమిటీ ఏడుగురి ముందు 11 లక్షల ఆర్డరు కోసం మాట్లాడాను. ఆ అధికారం కమిటీకి లేదని, జనరల్ బాడీ ఒప్పుకోవాలని తర్వాత తెలిసింది. ఫోన్‌లో ముందే అడగాల్సిన ప్రశ్న అది. ఎదురుగా కూర్చున్నవాళ్లు ఇవ్వలేనిది అడిగితే వాళ్లు మర్యాదగా "చూద్దాం" అంటారు. అందుకే కమిటీని అడిగేది కమిటీ చేతిలో ఉన్నదే. ప్రశ్నలన్నీ అయ్యాక ఆరో స్లైడ్ తెరిచి ఇది చదువుతాను: "డాబా సర్వేకి అనుమతిస్తూ, 20 కిలోవాట్ల సోలార్ ప్రతిపాదనని వచ్చే జనరల్ బాడీ అజెండాలో పెట్టాలని కమిటీ తీర్మానించింది." సర్వేకి మేం డబ్బు తీసుకోం. ఒప్పుకుంటే మీ మినిట్స్ పుస్తకంలో ఆ వాక్యమే రాసుకోవచ్చు.

చదివాక నేను మాట్లాడను. పోయిన నెల ఇంకో అపార్ట్‌మెంట్‌లో అలా ఊరుకోవడం ప్రాణం మీదికి వచ్చింది, ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. మా టెక్నీషియన్ డిస్కౌంట్ మాట ఎత్తబోతే కాలు తొక్కాను. కాసేపటికి ప్రెసిడెంటు గారే "వద్దండీ, ఈ ఏడాది లిఫ్టు మార్చాలి" అన్నారు. ఆర్డరు పోయింది, కానీ ఆరు నెలలు ఫోన్లు చేసే పని తప్పింది. మీరూ వద్దనవచ్చు. ఇంకేదైనా తెలియాలంటే అది ఏమిటో, ఏ తేదీకి తేలుస్తారో అక్కడే చెప్పండి చాలు.

శనివారం సాయంత్రం ఆరింటికి వస్తాం, ప్రొజెక్టర్ మాదే. కామన్ మీటర్ బిల్లులు పన్నెండు నెలలవీ బుధవారంలోగా ఫొటో తీసి పంపండి, డాబా తాళం కూడా వాచ్‌మన్ దగ్గర ఉంచమనండి. బిల్లులు అందకపోతే మొదటి స్లైడ్ ఉండదు కాబట్టి మీటింగ్ ఇంకో వారానికి మార్చుకుందాం.